రెండు శాతం ఎక్కడ పోతుందో ముందు చూడు

చిరంజీవి సౌమ్యకు,

పిన్ని ఆశీస్సులు. చీరలు అమ్మే నీ వెబ్‌సైటు కోసం నువ్వు పంపిన రెండు ప్లాన్ల వివరాలు చూశాను. నెలకు 500 రూపాయలది చవకని ఒక మనసు, 1,500 రూపాయలదానిలో స్టోరేజీ ఎక్కువని ఇంకో మనసు అని రాశావు. నా కన్ను మాత్రం చవక ప్లాన్ పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న మాట దగ్గర ఆగింది: ప్రతి అమ్మకంపై 2 శాతం లావాదేవీ రుసుము. రెండో ప్లాన్‌లో ఆ రుసుము లేదు.

ఇది కొన్నవాళ్లు ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బును మన ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వే తీసుకునే సొమ్ము కాదు. గేట్‌వే వాళ్లు మామూలుగా 2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్‌టీ తీసుకుంటారు. 1,500 రూపాయల మంగళగిరి చీర అమ్మితే వాళ్లకు 35 రూపాయల 40 పైసలు పోతాయి. అది ఏ ప్లాన్‌లో ఉన్నా తప్పదు. సైటు కంపెనీ 2 శాతం దానికి అదనం, అంటే చీరకు ఇంకో 30 రూపాయలు. కొన్ని కంపెనీలు తమ సొంత చెల్లింపుల సేవ వాడుకుంటే ఈ రుసుము వదిలేస్తాయి. షాపిఫై అనే సైటు కంపెనీ పద్ధతి అదే. కానీ ఆ సొంత సేవ మన దేశంలో లేదు కాబట్టి, బయటి గేట్‌వే పెట్టుకునే మనవాళ్లు రుసుము కట్టవలసిందే. అక్కడ ప్లాన్ పెద్దదయ్యేకొద్దీ ఆ శాతం తగ్గుతుంది.

ఇప్పుడు నీ లెక్కకు వద్దాం. నెలకు 60 చీరలు, ఒక్కోటి 1,500 అనుకున్నావు. అమ్మకం 90,000. చవక ప్లాన్‌లో అద్దె 500, రుసుము 1,800, మొత్తం 2,300. ఖరీదైన ప్లాన్‌లో 1,500 మాత్రమే. రెండు ప్లాన్ల అద్దెలో తేడా వెయ్యి రూపాయలు. 2 శాతం చొప్పున వెయ్యి అయ్యేది 50,000 అమ్మకం దగ్గర. ఆ మొత్తం దాటితే చవక ప్లాన్ చవక కాదు. అయితే చీర చేతికి అందాక నగదు ఇచ్చే ఆర్డర్లపై కొన్ని కంపెనీలు ఈ రుసుము వేయవు. నీ ఆర్డర్లలో మూడో వంతు అలాంటివైతే రుసుము 60,000 మీదే పడుతుంది, చవక ప్లాన్ ఖర్చు 1,700కు దిగుతుంది. అందుకే డబ్బు కట్టే ముందు కంపెనీకి రెండు ప్రశ్నలు రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకో. నగదు ఆర్డర్లపై రుసుము ఉందా? చీర తిరిగొచ్చి డబ్బు వాపసు ఇస్తే ఆ రుసుము మనకు వెనక్కి వస్తుందా? చీరల వ్యాపారంలో తిరిగొచ్చేవి తక్కువేమీ కాదు, ఈ రెండో ప్రశ్న మరచిపోకు.

మొదటి రెండు మూడు నెలలు 50,000 రాదని నీకే అనిపిస్తే చవక ప్లాన్ నెలవారీగా తీసుకో. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తారు కానీ, మధ్యలో ప్లాన్ మారితే ఆ డబ్బు ఎలా సర్దుతారో ముందే తెలుసుకో.

స్టోరేజీ గురించి నీ బెంగ ఫొటోల సైజు తగ్గిస్తే తీరుతుంది. ఫోనులో తీసిన ఫొటో ఒక్కోటి సుమారు 4 ఎంబీ ఉంటుంది. వంద చీరలకు ఒక్కోదానికి ఆరు ఫొటోలు పెడితే 2.4 జీబీ. అవే ఫొటోలను 1,600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి జేపెగ్‌గా దాస్తే ఒక్కోటి 300 కేబీ దగ్గరికి వస్తుంది, మొత్తం 180 ఎంబీ. జరీ అంచు దగ్గర నేత కనిపించాలంటే ఆ ఒక్క ఫొటోను కాస్త పెద్దదిగా ఉంచు. వీడియోలు సైటులోకి ఎక్కించకుండా యూట్యూబ్‌లో పెట్టి పేజీలో అతికించు.

బ్యాండ్‌విడ్త్ కూడా ఇక్కడే తేలుతుంది. నెలలో నీ సైటు నుంచి చూసేవాళ్ల ఫోన్లకు వెళ్లే మొత్తం డేటా అది. రెండు వేల మంది మూడేసి చీరల పేజీలు తెరిచారనుకో. పెద్ద ఫొటోలను సైటు ఉన్నవున్నట్టే పంపితే 144 జీబీ, చిన్నవైతే 11 జీబీ లోపే. కొన్ని సైట్లు చూపేటప్పుడు ఫొటోలను వాటంతట అవే తగ్గిస్తాయి, కానీ స్టోరేజీ లెక్కలో మాత్రం నువ్వు ఎక్కించిన అసలు ఫొటో బరువే పడవచ్చు.

ఇక సొంత డొమైన్, అంటే నీ సైటు చిరునామా. ఉచిత ప్లాన్లలో చిరునామాలో కంపెనీ పేరు తగులుకుని ఉంటుంది, డబ్బు కట్టే ప్లాన్‌లోనే నీ పేరు ఒక్కటే ఉంటుంది. మొదటి ఏడాది డొమైన్ ఉచితమంటే రెండో ఏడు ఎంతో అడుగు. అంతకన్నా ముఖ్యం, దాన్ని నీ ఈమెయిలుతో, నీ ఖాతాలోనే కొను. నా మొదటి సైటు తయారుచేసిన అబ్బాయి డొమైన్‌ను తన ఖాతాలో కొన్నాడు. మూడో ఏడు గడువు గుర్తుచేసే ఈమెయిళ్లన్నీ అతనికే వెళ్లాయి, అతను చూసుకోలేదు. ఒక పొద్దున సైటు తెరుచుకోలేదు. చీరల సంచుల మీద ఆ చిరునామా అచ్చువేయించి అప్పటికి నెల కూడా కాలేదు. అదనపు రుసుము కట్టి వెనక్కి తెచ్చుకునేసరికి దసరా ఆర్డర్లు సగం పోయాయి.

ఈ వారం ఒక్క చీర పేజీ తయారుచేసి లింకు పంపు. వైఫై ఆపేసి నా ఫోనులో తెరిచి, ఎంతసేపట్లో వస్తుందో చూసి చెబుతాను.

నీ పిన్ని