మన యాస వినపడగానే సినిమా బాగుందని రాసేశాను

ప్రశ్న: సినిమా చూసొచ్చాక అందరికీ అర్థమయ్యేలా రివ్యూ రాయాలి. కథ, నటన, సంగీతం, నా ఇష్టం కలిసిపోకుండా ఎలా రాయాలి?

2021 డిసెంబర్‌లో 'పుష్ప' మొదటి భాగం తిరుపతిలో చూసి, ఆ రాత్రే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో రాశాను: "అదిరింది. మన చిత్తూరు యాస, మన శేషాచలం. అందరూ చూడండి." రాజమండ్రిలో ఉన్న మా అక్క అది నమ్మి అత్తగారిని, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. ఇంటర్వెల్‌లో ఫోన్ చేసింది. "ఏందిరా, మూడు గంటల సినిమా అని ఒక్క ముక్క రాయలేదు. అత్తయ్యకు సగం మాటలు అర్థం కాక ప్రతి డైలాగూ నేనే చెప్పాల్సి వస్తా ఉండాది." రాత్రి మళ్లీ చేసింది. హీరోయిన్‌కు డబ్బిచ్చి ముద్దు అడిగే చోట పిల్లల పక్కన కూర్చోలేకపోయిందట.

నేను రాసిన దాంట్లో సినిమా గురించి ఏమీ లేదు. మా ఊరి మాట తెరమీద విన్న సంతోషం మాత్రమే ఉంది. మరుసటి రోజు కూర్చుని మళ్లీ రాశాను.

కథకు నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే. బస్టాండులో పక్కన కూర్చున్నాయనకు హీరో పేరు, పాటలు చెప్పకుండా రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. "ఎర్రచందనం కొట్టే కూలీ ఆ స్మగ్లింగ్ ముఠాకే నాయకుడవుతాడు. తండ్రి ఇంటిపేరు దక్కని అవమానం చిన్నప్పటి నుంచి పెళ్లి నిశ్చయం దాకా వెంటాడుతూ అతన్ని ముందుకు తోస్తుంది." ఇది నిలబడుతుంది, అంటే కథకు వెన్నెముక ఉంది. లోపం కూడా ఇక్కడే దొరికింది. పోలీసు అధికారి చివర్లో వస్తాడు, అప్పటి నుంచి ఇంకో సినిమా మొదలైనట్టుంటుంది. ముగింపు బయటపెట్టకుండా "ఇది సగం కథ, తగువు తేలదు" అని రాస్తే చాలు, చూసేవాళ్లు సిద్ధపడి వెళ్తారు. "స్క్రీన్‌ప్లే గ్రిప్పింగ్‌గా లేదు" అనే మాట నాకు అస్సలు నచ్చదు. ఎక్కడ విసుగొచ్చిందో చెప్పలేనివాళ్లు రాసే మాట అది.

నటన దగ్గర చాలామంది పాత్రను పొగిడి నటుణ్ని పొగిడామనుకుంటారు. అల్లు అర్జున్ ఒక భుజం ఎత్తి నడుస్తాడు. అది ఎవరైనా కాసేపు చేయగలరు. ఫైటులో, డాన్సులో, తల్లితో మాట్లాడేటప్పుడు కూడా ఆ భుజం దిగిందా లేదా అని చూడాలి. నేను చూసినంతలో దిగలేదు, అందుకే బాగుందన్నాను. తర్వాత ఆయనకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. సునీల్ విషయంలో మాత్రం నేను పొరబడ్డాను. నవ్వించే మనిషి విలన్ అయ్యాడన్న ఆశ్చర్యాన్ని నటన అని రాశాను. ఆయన్ను ఎప్పుడూ చూడని మనిషికి ఆ ఆశ్చర్యం ఉండదు కదా! ఆ వాక్యం కొట్టేశాను.

సంగీతాన్ని రెండుగా విడదీయాలి: పాటలు వేరు, నేపథ్య సంగీతం వేరు. జాతీయ అవార్డుల్లో కూడా అవి వేరే. ఆ ఏడాది పాటలకు దేవిశ్రీప్రసాద్‌కు 'పుష్ప'కే వచ్చింది, నేపథ్య సంగీతానికి కీరవాణికి 'ఆర్ఆర్ఆర్'కు వచ్చింది. పాటలు సినిమా కంటే ముందే విడుదలవుతాయి, హాలుకు వెళ్లేసరికి చెవికి అలవాటైపోయి ఉంటాయి. కాబట్టి పాట బాగుందా అని కాకుండా, అది వచ్చినప్పుడు కథ నడిచిందా ఆగిందా అని రాయాలి. నేపథ్య సంగీతానికైతే, మాటల్లేని చోట భయమో కోపమో మనకు ముందుగా తెలిసిందా అని గుర్తు చేసుకోవాలి. హాల్లో మాటలు మింగేసేంత సౌండు పెడితే అది థియేటర్ తప్పు, సంగీత దర్శకుడిది కాదు. మా ఊళ్లో ఒక హాల్లో ఇది మామూలే, ఎన్నిసార్లు చెప్పినా తగ్గించరు.

ఇక మన ఇష్టం. దాన్ని దాచకూడదు, చివర్లో "నాకు" అని మొదలుపెట్టి కారణంతో సహా రాయాలి. "నాకు యాస నచ్చింది, ఎందుకంటే నేను తిరుపతివాణ్ని. ఆ మాట అలవాటు లేనివాళ్లకు మొదట్లో కష్టం." ఇది చదివిన కోస్తావాళ్లు నా మార్కులు తగ్గించుకుని లెక్కేసుకుంటారు. ఇంకొకటి కూడా అక్కడే పెట్టాను. అడవి సన్నివేశాలు చాలావరకు మారేడుమిల్లిలో తీశారు. ఎర్రచందనం పెరిగే మా కొండలు అంత పచ్చగా ఉండవు, నాకు కళ్లకు గుచ్చుకుంది. మిగతావాళ్లకు అది పట్టదు, కాబట్టి సినిమా లోపంగా రాయలేదు.

2024 డిసెంబర్‌లో రెండో భాగం వచ్చినప్పుడు అక్క అత్తగారే ఫోన్ చేయించారు. "మీ తమ్ముడు చూశాడా? నిడివి, పిల్లల సంగతి, మాటల సంగతి రాయమను. తనకు నచ్చిందో లేదో ఆఖర్న రాయమను. అది చదివాకే టికెట్లు తీద్దాం" అన్నారట.