మీటింగ్‌లో గొడవైతే మినిట్స్‌లో ఎలా రాయాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి కొత్తగా సెక్రటరీని అయ్యాను. మీటింగ్ అంటేనే అరుపులు. ఎవరేమన్నారో అంతా మినిట్స్‌లో రాయాలా?

జవాబు: అక్కర్లేదండీ. నేను మూడేళ్ళు చేశా ఈ పని, మొదటి ఏడాదే బాగా దెబ్బ తిన్నా. లిఫ్ట్ మార్చే విషయం మీద మీటింగ్ పెడితే నేను రాసింది ఇదీ: "302 గారు మెయింటెనెన్స్ డబ్బులు ఏమవుతున్నాయని కోపంగా ఆరోపించారు, ట్రెజరర్ సమర్థించుకున్నారు, సుదీర్ఘ వాదన తర్వాత ఎట్టకేలకు సభ్యులు ఒప్పుకున్నారు." వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన పది నిమిషాలకే 302 ఆయన నేను లెక్క అడిగా, ఆరోపణ ఎక్కడ చేశా అని ఫోన్. నిజమే, ఆయన అడిగింది లెక్కే.

అప్పుడు అర్థమైంది, "కోపంగా" తీసేస్తే సరిపోదు, మన తెలుగులో క్రియల్లోనే అభిప్రాయం దాక్కుని ఉంటుంది. ఆరోపించారు, వాపోయారు, సమర్థించుకున్నారు, ఇవన్నీ పేపర్ భాష, వీటి బదులు అడిగారు, తెలిపారు, వివరించారు అంటే చాలు. "ఎట్టకేలకు" కూడా అంతే, ఆలస్యానికి ఎవరో కారణమన్నట్టు వినిపిస్తుంది. తిరగరాస్తే ఇలా అయింది: "మెయింటెనెన్స్ ఖర్చుల వివరాలు ఇవ్వాలని ఒక సభ్యుడు కోరారు. ట్రెజరర్ ఆరు నెలల ఖర్చుల పట్టిక చదివి వినిపించారు. లిఫ్ట్‌కి వచ్చిన రెండు కొటేషన్లు (4,80,000, 5,35,000 రూపాయలు) పరిశీలించారు. మొదటి దాన్ని 14 మంది సమర్థించారు, 5 మంది వ్యతిరేకించారు. తీర్మానం ఆమోదించారు."

టెన్స్‌లో నేను ఎక్కువగా జారిపడేది చేయాల్సిన పనుల దగ్గర. "సెక్రటరీ వారంలో కంపెనీతో మాట్లాడతారు" అని రాస్తే అది మీటింగ్‌లో జరిగింది కాదు కదా, "సెక్రటరీ వారంలోగా కంపెనీతో మాట్లాడాలని నిర్ణయించారు" అని రాయండి, బాధ్యతా ఉంటుంది, భూతకాలమూ తప్పదు. కంపెనీల బోర్డు మీటింగులకి ఉన్న సెక్రటేరియల్ స్టాండర్డ్ కూడా థర్డ్ పర్సన్, పాస్ట్ టెన్స్‌లోనే రాయమంటుంది, తీర్మానం వాక్యాన్ని మాత్రం ప్రెజెంట్‌లో పెట్టమంటుంది. అది మనలాంటి అసోసియేషన్లకి వర్తించదు గానీ అలవాటుగా మంచిదే.

పేర్లు మొత్తం ఎగరగొట్టేయమని కాదు. తీర్మానం ప్రతిపాదించినవాళ్ళు, బలపరిచినవాళ్ళు, పని ఎవరికి అప్పగించారో వాళ్ళు, వీళ్ళ పేర్లు ఉండాలి. ఎవరైనా నా వ్యతిరేకత రికార్డ్ చేయండి అని అడిగితే అది కూడా పేరుతోనే రాయాలి, అక్కడ "ఒక సభ్యుడు" అంటే రేపు ఆయనే మిమ్మల్ని పట్టుకుంటాడు.

ఇంకోటి, రాసిన రాత్రే పంపకండి. నేను పొద్దున కాఫీ తాగుతూ, ఆ మీటింగ్‌లో ఓడిపోయిన వాళ్ళ తరఫున ఒకసారి చదివి అప్పుడు పెట్టేవాణ్ణి, ఒకటో రెండో మాటలు ప్రతిసారీ దొరికేవి.