ఎన్‌పీఎస్ ఆటో ఛాయిస్‌లో షేర్ల వాటా దానంతటదే తగ్గుతుంది: ఇందులో లోపాలేమిటి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. ఇప్పుడు జాతీయ పింఛను పథకం ఎన్‌పీఎస్‌లో చేరుతున్నాను. ఆటో ఛాయిస్‌లో ఎల్‌సీ 75 తీసుకుంటే వయసుతో పాటు షేర్ల వాటా అదే తగ్గిపోతుందని, 60 దాకా మళ్లీ తొంగిచూడనక్కర్లేదని చెబుతున్నారు. నిజమేనా? ఇందులో లోపాలేమైనా ఉన్నాయా?

జవాబు:

2017 జనవరిలో, నాకు 38 ఏళ్లున్నప్పుడు, దాదాపు ఇవే మాటలు విని నేను ఎల్‌సీ 75లో చేరాను. నా దరఖాస్తు నింపించిన బ్యాంకు ఉద్యోగి "మీ డబ్బులో 75 శాతం షేర్లలో ఉంటుంది, రిటైర్మెంటు దగ్గరపడ్డాక మెల్లగా తగ్గుతుంది" అన్నారు. ఏ వయసుకు ఎంత వాటాయో చెప్పే పట్టికను నేనూ చూడలేదు. 2021 ఆగస్టులో, నా 43వ పుట్టినరోజు తర్వాత కొద్ది రోజులకు, ఖాతా తెరిచి చూస్తే ఈక్విటీ వాటా 43 శాతం ఉంది. ఏదో పొరపాటు జరిగిందనుకుని ఫిర్యాదు రాయబోయాను. పట్టిక వెతికి చదివాక పొరపాటు నాదేనని తెలిసింది.

ఎల్‌సీ 75లోని 75 అన్న అంకె 35 ఏళ్ల వయసు దాకా మాత్రమే వర్తిస్తుంది. ఆ తర్వాత ఈక్విటీ వాటా ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గి 45వ ఏట 35 శాతానికి వస్తుంది. అక్కడి నుంచి ఏడాదికి 3 చొప్పున దిగి 50వ ఏట 20 శాతం, తర్వాత ఒక్కో శాతం చొప్పున దిగి 55వ ఏట 15 శాతం అవుతుంది. ఇక మీరు ఖాతాలో ఉన్నంతకాలం అదే 15 శాతం. అంటే 41వ ఏట చేరే మీరు మొదటి రోజునే 51 శాతం దగ్గర మొదలవుతారు. అందరూ "అగ్రెసివ్" అని పిలిచే ఈ పథకం మీ వయసువారికి పేరుకు మాత్రమే అగ్రెసివ్.

దీన్ని ఒక చిన్న లెక్కతో చూడండి. 41 నుంచి 59 వరకు, ఏటా ఒక లక్ష చొప్పున 19 లక్షలు కట్టారనుకుందాం. ఏ ఏటి లక్షలో ఎంత భాగం ఈక్విటీలోకి వెళ్తుందో పట్టిక ప్రకారం కూడితే మొత్తం 4 లక్షల 90 వేలు వస్తుంది, అంటే సుమారు 26 శాతం. పైగా ముందు కొన్న ఈక్విటీలో కొంత భాగాన్ని కూడా ఏటేటా అమ్మి బాండ్లలోకి మారుస్తారు. ఇరవై అయిదేళ్లకే చేరినవారికి పదేళ్లపాటు 75 శాతం దక్కుతుంది కాబట్టి వారి విషయం వేరు. అయితే వారికి కూడా షేర్ల వాటా ఎక్కువగా ఉన్న కాలంలో ఖాతాలో సొమ్ము తక్కువ, సొమ్ము బాగా పోగయ్యే సమయానికి షేర్ల వాటా తక్కువ. పట్టికలో శాతాలు చూసి ఊరుకోకుండా వాటిని రూపాయల్లోకి మార్చి చూస్తే గానీ ఈ సంగతి కనబడదు.

రెండో లోపం గురించి జనంలో ఒక భయం ఉంది, అది సగమే నిజం. పట్టిక ప్రకారం సర్దుబాటు ఏడాదికి ఒకసారి, మీ పుట్టినరోజున జరుగుతుంది. ఆ రోజున మార్కెట్ పడిపోయి ఉంటే షేర్లను అడుగు ధరకు అమ్మేస్తారు కదా అని చాలామంది అంటారు. మా ఆఫీసులో ఒకరికి 2020 మార్చి చివరి వారంలో, కరోనా పతనం మధ్యలో, 40 ఏళ్లు నిండాయి. ఆయనా అలాగే బెంబేలెత్తారు. గుండ్రటి అంకెలతో ఆ ఏడాది లెక్క ఇలా ఉంటుంది. ఏడాది ముందు ఖాతాలో 10 లక్షలు, అందులో 39వ ఏటి వాటా ప్రకారం 5.9 లక్షలు షేర్లలో, 4.1 లక్షలు బాండ్లలో ఉన్నాయనుకుందాం. కొత్తగా కట్టిన సొమ్మును పక్కన పెడదాం. షేర్లు 30 శాతం పడి 4.13 లక్షలకు, బాండ్లు 10 శాతం పెరిగి 4.51 లక్షలకు చేరితే మొత్తం 8.64 లక్షలు. అందులో షేర్లు సుమారు 48 శాతం. 40వ ఏటికి పట్టిక కోరే వాటా 55 శాతం. కాబట్టి లక్ష్యం తగ్గినా, ఆ పుట్టినరోజున సర్దుబాటు షేర్లను అమ్మదు, ఇంకో 62 వేల రూపాయల షేర్లు కొంటుంది. అదే నెలలో నేను భయంతో బయటి మ్యూచువల్ ఫండ్ సిప్‌లు ఆపేశాను. ఎవరి మనసుతోనూ పనిలేకుండా నడవడం ఈ పద్ధతిలోని అసలు బలమని నేను ఒప్పుకుంటాను.

అసలు నొప్పి మరుసటి ఏడు తెలుస్తుంది. షేర్లు 70 శాతం, బాండ్లు 7 శాతం పెరిగాయనుకుంటే మొత్తం 12.24 లక్షలు అవుతుంది, అందులో షేర్లు 66 శాతం. పట్టిక 51 శాతమే ఉంచమంటుంది. దాంతో సుమారు 1 లక్షా 84 వేల రూపాయల షేర్లు ఒక్క రోజులో బాండ్లుగా మారతాయి. మార్కెట్ ఏ ధర దగ్గర ఉందో, ఇంకా ఎంత కోలుకోవాలో పట్టికకు అక్కర్లేదు, ఒకసారి దిగిన మెట్టును అది మళ్లీ ఎక్కదు. అంటే పతనం నాడు అమ్మేస్తుందన్న భయం కన్నా, కోలుకుంటున్న కాలంలో త్వరత్వరగా దింపేస్తుందన్నదే సరైన ఆరోపణ. ఇలా మార్చినప్పుడు ఎన్‌పీఎస్ లోపల పన్ను పడదు. అదే మీ సొంత ఈక్విటీ ఫండ్లను మీరే అమ్మి సర్దుకుంటే, ఏడాది దాటిన లాభం 1.25 లక్షలు మించినప్పుడు ఆ పైమొత్తం మీద 12.5 శాతం కట్టాలి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చేది, బాండ్ల వైపు ఉంది. షేర్లు తగ్గాయి కాబట్టి సొమ్ము భద్రమైన చోటికి చేరిందని అనుకుంటాం. అది ఎక్కువగా చేరేది "జి" పథకంలోకి, అంటే ప్రధానంగా దీర్ఘకాలిక ప్రభుత్వ బాండ్లలోకి. అక్కడ అసలు ఎగవేస్తారన్న భయం లేదు. కానీ వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండ్ల ధర పడుతుంది, కాలపరిమితి ఎంత ఎక్కువైతే అంత ఎక్కువగా పడుతుంది. బాండ్ల సగటు డ్యూరేషన్ 8 అనుకుంటే, రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు విలువ సుమారు 8 శాతం తగ్గుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. బాండ్ మార్కెట్ దాన్ని ముందే పసిగట్టడంతో, 2022 మొదటి ఆరు నెలల్లో "జి" పథకాల ఎన్‌ఏవీలు, అంటే యూనిట్ల విలువలు, కిందికి జారాయి.

ఎల్‌సీ 75లో 50వ ఏట 20 శాతం కార్పొరేట్ బాండ్లు, 60 శాతం ప్రభుత్వ బాండ్లు ఉంటాయి. 55వ ఏటికి అవి 10, 75 శాతాలు అవుతాయి. కార్పొరేట్ బాండ్ల కాలపరిమితి సాధారణంగా తక్కువ. అంటే రిటైర్మెంటు దగ్గరపడే కొద్దీ ఎగవేత ముప్పు తగ్గినా, వడ్డీ రేట్ల ముప్పు పెరుగుతోంది. రెండేళ్లలో డబ్బు కావలసినవాడు పదిహేనేళ్ల బాండ్లు పట్టుకుని కూర్చోవడం వంటిదిది. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలికి అక్కడి రిటైర్మెంటు పొదుపు ఖాతా 401కెలో, గడువు ఏడాది దగ్గరపడే కొద్దీ షేర్లు తగ్గించే టార్గెట్ డేట్ ఫండ్ ఉంది, దాని పేరులో గడువు 2025. 2022లో షేర్లూ బాండ్లూ కలిసి పడినప్పుడు, గడువు మూడేళ్లే ఉన్న ఆ ఫండ్ రెండంకెల నష్టం చూపించింది. అక్కడి ఫండ్ పట్టిక వేరు, నిర్వాహకులు వేరు, అయినా నమ్మకం దెబ్బతిన్న తీరు ఒకటే.

ఇంకొక సంగతి. ఈ పట్టికకు మీ గురించి తెలిసింది పుట్టిన తేదీ ఒక్కటే. మీకు ఈపీఎఫ్ ఉంటే అందులో సింహభాగం అప్పుపత్రాల్లోనే ఉంటుంది. ఈపీఎఫ్‌లో 20 లక్షలు, ఎన్‌పీఎస్‌లో 5 లక్షలు ఉన్న 45 ఏళ్ల మనిషికి ఎన్‌పీఎస్‌లో షేర్ల విలువ 1.75 లక్షలు. ఈపీఎఫ్‌లోని కొద్దిపాటి ఈక్విటీని లెక్కించకపోతే, 25 లక్షల్లో అది 7 శాతం. సొంతంగా షేర్లు, ఫండ్లు దండిగా ఉన్నవారికి ఇదే పట్టిక సరిపోవచ్చు. అలాగే 60వ ఏట డబ్బంతా తీసేసుకోవాలన్న నియమం లేదు, ఖాతాను కొనసాగించవచ్చు, విడతలవారీగానూ తీసుకోవచ్చు. 80 దాకా వాడుకోవాలనుకునే సొమ్మును కూడా పట్టిక 55కే 15 శాతానికి దించేసి ఉంటుంది.

మీ వయసుకు నేనైతే 2024 చివర్లో వచ్చిన బీఎల్‌సీని, అంటే బ్యాలెన్స్‌డ్ లైఫ్ సైకిల్ పథకాన్ని ముందు చూస్తాను. అందులో ఈక్విటీ 45వ ఏటి దాకా 50 శాతం ఉండి, 55వ ఏటికి 35 శాతానికి దిగుతుంది. పక్కపక్కన పెట్టి చూడండి: 41వ ఏట ఎల్‌సీ 75లో 51, ఇందులో 50. 45వ ఏట అందులో 35, ఇందులో 50. 55వ ఏట అందులో 15, ఇందులో 35. నేను 2024 నవంబరులో, 46వ ఏట, ఎల్‌సీ 75 నుంచి దీనికి మారాను. దానితో నా ఈక్విటీ వాటా 32 నుంచి ఒక్కసారిగా 50కి దగ్గరగా పెరిగింది. ఆ మార్పు 2021లోనే చేసుకోవలసింది, కాకపోతే అప్పటికి బీఎల్‌సీ లేదు, యాక్టివ్ ఛాయిస్‌లో వాటాలు సొంతంగా నిర్ణయించుకునే ధైర్యం నాకు లేదు. ఏడాదికోసారి కూర్చుని చూసుకునే ఓపిక మీకుంటే యాక్టివ్ ఛాయిస్ మెరుగే. ఒక ఆర్థిక సంవత్సరంలో నాలుగుసార్లు దాకా వాటాలు మార్చుకోనిస్తారు.

బీఎల్‌సీకి తన లోపం తనకుంది. 55 తర్వాత కూడా 35 శాతం షేర్లలో ఉంటుంది కాబట్టి, 59వ ఏట 2020 మార్చి వంటిది వస్తే మొత్తం సొమ్ము మీద పది శాతానికి పైగా దెబ్బ పడవచ్చు. అందుకే రిటైరైన మొదటి మూడేళ్ల ఖర్చుకు కావలసిన సొమ్మును 57 నుంచి ఎన్‌పీఎస్ బయట, బ్యాంకు డిపాజిట్లలో విడిగా పోగుచేసుకోవాలని నేను అనుకుంటున్నాను. మీరు ఏది ఎంచుకున్నా, చేరిన తర్వాతి పుట్టినరోజు దాటిన వారానికి ఒకసారి లాగిన్ అయి ట్రాన్సాక్షన్ స్టేట్‌మెంట్ తీసి, ఇ, సి, జి వాటాలు, అంటే ఈక్విటీ, కార్పొరేట్ బాండ్లు, ప్రభుత్వ బాండ్ల వాటాలు, మీ వయసుకు పట్టికలో ఉన్న అంకెలతో సరిపోయాయో లేదో చూసుకోండి.