వీఆర్ఎస్‌లో 58 నెలల జీతం రాదా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీ. నా సర్వీసు 29 ఏళ్ల 8 నెలలు, బేసిక్, డీఏ కలిపి 42,000. ఏడాదికి రెండు నెలల జీతం చొప్పున వీఆర్ఎస్ ఇస్తామని నోటీసు పెట్టారు. లెక్కేస్తే 24 లక్షలు దాటుతోంది. ఆఫీసులో మాత్రం 9 లక్షల చిల్లరే అంటున్నారు. మోసమా? 58కి రిటైర్మెంట్, ఇంకా 22 నెలలుంది.

జవాబు: మోసమని అనలేం. నోటీసులో కింది వాక్యం చదవండి. ‘మిగిలిన సర్వీసు నెలల జీతం, రెండింటిలో ఏది తక్కువైతే అది’ అని ఉంటుంది. మీ సర్వీసు లెక్కన 58 నెలలు వస్తుంది, పూర్తయిన ఏళ్లే తీసుకుంటారు కాబట్టి ఆ 8 నెలలు పోతాయి. మిగిలింది 22 నెలలే కనుక 22 × 42,000, అంటే 9,24,000. ప్రభుత్వ రంగ సంస్థలకు 1988లో వచ్చిన పథకంలోనూ ఇదే పద్ధతి. అక్కడ ఏడాదికి నెలన్నర.

గ్రాట్యుటీ ఇందులో కలిసిపోదు, విడిగా ఇవ్వాలి. అక్కడ ఆరు నెలలు దాటిన ముక్కను ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి మీకు 30 ఏళ్లు, సుమారు 7.27 లక్షలు. రెండూ కలిపి ఒకే మొత్తంగా చూపిస్తే సంతకం పెట్టకండి.

అసలు చూడాల్సింది రిటైర్మెంట్ వయసు 58 అన్న అంకె. ఎవరో చెప్పింది కాకుండా, సర్టిఫైడ్ స్టాండింగ్ ఆర్డర్లు, యూనియన్ చివరి ఒప్పందం కాపీ అడిగి చూడండి. వాటిలో 60 అని ఉంటే మిగిలేది 46 నెలలు, సొమ్ము 19,32,000 అవుతుంది. సర్వీసు బుక్కులో పుట్టిన తేదీ కూడా చూసుకోండి. తెలుగు బడి టీసీలో ఒకటి, ఇక్కడ రాసింది మరొకటి ఉన్న కేసులు మనవైపు కొత్త కాదు. అయితే చివర్లో తేదీ మార్చమంటే కోర్టులు అంత తేలిగ్గా ఒప్పుకోవు.

తీసుకోవాలా అంటే, 22 నెలలు పని చేసినా ఈ జీతం వచ్చేదే, పైగా పీఎఫ్‌లో కంపెనీ వాటా, ఇంక్రిమెంటు ఉంటాయి. ఫ్యాక్టరీ నిక్షేపంగా నడిచేదైతే నేను తొందరపడను. మూతపడుతుందన్న భయం నిజమైతే లెక్క మారుతుంది. మూసివేత పరిహారం ఏడాదికి 15 రోజుల జీతమే, మీకు సుమారు 15 నెలలు.

దరఖాస్తు ఇచ్చాక మనసు మారితే, కంపెనీ ఆమోదించకముందే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు బ్యాంకుల వీఆర్ఎస్ కేసులో చెప్పింది. ఆ కాగితం ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. డబ్బు ఖాతాలో పడి వాడుకున్నాక మాత్రం, జీతాల సవరణ బకాయిలంటూ తిరిగి అడగడం దాదాపు కుదరదు.