చెన్నై ఉక్కపోతలో కాంక్రీటు ఇల్లు: వచ్చిన గాలి ఎటు పోతుంది?

ప్రశ్న: చెన్నైలో ఇల్లు కట్టిస్తున్నాం. మా నెల్లూరి పెంకుటింటిలా కట్టమంటే ఆర్కిటెక్ట్ వద్దన్నారు. ట్రాపికల్ మోడర్నిజం, క్రిటికల్ రీజినలిజం అంటూ కాంక్రీటు, వరసగా పట్టీలు పేర్చిన లూవర్లు, రంధ్రాల గోడల్లాంటి జాలీలు చూపిస్తున్నారు. ఇది అలంకారమేనా, ఈ ఉక్కకు నిజంగా పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుంది. కాకపోతే ఒక్క చోట తప్పు జరిగినా మొత్తం అలంకారంగానే మిగిలిపోతుంది. నేను సివిల్ ఇంజనీర్ని, చెన్నైలోనే పని. ఆ తప్పు మా సొంతింట్లోనే చేశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మన ఊళ్ల సంగతి. రాయలసీమ మట్టి మిద్దెలో గోడ మందం, కప్పు మందం. పగలు పీల్చుకున్న వేడి రాత్రి బయటి చల్లగాలికి పోతుంది. చెన్నైలో ఆ లెక్క కుదరదు. మే నెలలో అర్ధరాత్రి కూడా ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గరే ఉంటుంది. పగలు వేడెక్కిన గోడ రాత్రంతా మన మీదికే వేడి వదులుతుంది. పైగా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. అది ఆరాలంటే ఒంటి మీదుగా గాలి కదలాలి. అందుకే ఇక్కడ చేయాల్సిన పనులు రెండే: గోడ మీద, కప్పు మీద ఎండ పడనివ్వకూడదు, గదిలోంచి గాలిని పోనివ్వాలి.

ఈ రెండూ కాంక్రీటుతో ఎలా చేయవచ్చో చూడాలంటే పుదుచ్చేరిలోని గోల్కొండ అనే భవనం చూడండి. శ్రీ అరవిందాశ్రమం వాళ్ల వసతి గృహం అది, అనుమతి తీసుకుని వెళ్లాలి. 1930ల చివర్లో మొదలుపెట్టి 1940ల్లో పూర్తిచేశారు. గీసింది ఆంటొనిన్ రేమండ్. చెక్ దేశంలో పుట్టి, అమెరికా వెళ్లి, జపాన్‌లో పనిచేసినవాడు. దగ్గరుండి కట్టించిన వాళ్లలో జార్జ్ నకాషిమా, ఫ్రాంటిషెక్ సామర్ ఉన్నారు. డబ్బు హైదరాబాదు నుంచి వచ్చింది, నిజాం దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా. ఆ పేరు అందుకే. గదుల్లో నేల మన కడప నల్లరాయి. తెలుగువాళ్లం అక్కడికి వెళ్తే ఆ రాయిని చూసి కాసేపు ఆగిపోతాం.

భవనం పొడుగు వైపులు ఉత్తర దక్షిణాలకు ఉంటాయి. తూర్పు, పడమర చివరలు ఇరుకు. తక్కువ కోణంలో వచ్చే ఎండకు గోడ చాలా తక్కువ దొరుకుతుంది. పొడుగు వైపుల్లో గాజు కిటికీలు లేవు, మొత్తం తిప్పుకోగలిగే అడ్డ లూవర్లే. (అవి ఆస్బెస్టాస్ సిమెంటువి. ఇప్పుడు ఆ పదార్థం వాడకండి. టేకు, అల్యూమినియం సరిపోతాయి.) పైన స్లాబు మీద ఖాళీ వదిలి, వంపు తిరిగిన కాంక్రీటు పలకలు పరిచారు. ఎండ వాటికి తగులుతుంది, మధ్యలో గాలి తిరుగుతుంది, స్లాబు కాలదు. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది గది తలుపు. దక్షిణాన లూవర్లు, ఉత్తరాన వరండా, మధ్యలో టేకు పట్టీలతో చేసిన జరిపే తలుపు. తలుపు మూసినా పట్టీల సందుల్లోంచి గాలి పోతుంది, లోపలి మనిషి కనిపించడు.

నేను ఆ తలుపును చూశాను, మెచ్చుకున్నాను, మా ఇంట్లో పెట్టుకోలేదు. తూర్పు పడకగదికి గోడ సగం వరకు లూవర్లు పెట్టించాను. మా వీధికి మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వస్తుంది. పగలు గది హాయిగా ఉండేది. రాత్రి తలుపు మూసి పడుకుంటే అమ్మ రెండు గంటలకే లేచి హాల్లోకి వచ్చేసేది. ఫ్యాన్ లోపమేమో అనుకుని ఫ్యాన్ మార్చాను. ఫలితం లేదు.

చివరికి ఒక సాయంత్రం అగరొత్తి వెలిగించి లూవర్ల దగ్గర పట్టుకున్నాను. తలుపు తీసి ఉంటే పొగ గదిలోకి వంగి పరిగెత్తింది. తలుపు మూయగానే నిటారుగా పైకి లేచింది. గాలి రావడానికి అంత పెద్ద దారి పెట్టి, పోవడానికి దారి పెట్టలేదు. బయటికి దారి లేని గదిలోకి గాలి రాదు. వడ్రంగిని పిలిచి తలుపు పై భాగం పలక తీసేసి, ఏటవాలుగా టేకు పట్టీలు బిగించాం. హాలుకు అవతలి వైపు పడమటి గోడలో, పైకప్పు కింద వెంటిలేటర్ తెరిచాం. ఆ రాత్రి తలుపు మూసి ఉండగానే పొగ వంగింది. అమ్మ తెల్లారేదాకా ఆ గదిలోనే పడుకుంది.

మీ ప్లాను మీద ప్రతి గదికీ గాలి వచ్చే చోటు, పోయే చోటు వేరువేరు గోడల్లో గుర్తు పెట్టమని ఆర్కిటెక్ట్‌ను అడగండి. తలుపు మూసిన స్థితిలో గుర్తు పెట్టమనండి. దోమల నెట్ గాలిని బాగా తగ్గిస్తుంది, కాబట్టి నెట్ బిగించే చోట ఓపెనింగ్ ఇంకాస్త పెద్దది కావాలి.

ఎండ విషయంలో దిక్కును బట్టి లెక్క మారుతుంది. నాలుగడుగుల ఎత్తు దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ ఉంటే ఫిబ్రవరి మధ్య నుంచి అక్టోబరు చివరిదాకా మధ్యాహ్నపు ఎండ అద్దానికి తగలదు. అదే కిటికీ పడమరన ఉంటే, వేసవిలో నాలుగు దాటాక సూర్యుడు ముప్పై డిగ్రీలకు దిగుతాడు. అప్పుడు ఏడడుగుల సన్‌షేడ్ కావాలి, అది ఎవరూ కట్టరు. పడమరన జాలీయో, బయటి వైపు నిలువు పట్టీలో, చెట్టో ఉండాలి. పడకగది అటు వేయకుండా మెట్లు, బాత్రూములు వేస్తే ఇంకా మంచిది. మన చెన్నైలో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, కాబట్టి ఉత్తరపు కిటికీకీ చిన్న సన్‌షేడ్ అవసరమే. కప్పుకు మేం డాబా మీద ఏడడుగుల ఎత్తున రేకులు వేశాం. గోల్కొండ పలకలంత అందంగా ఉండవు కానీ చేసే పని అదే.

ఇక ఆ పెద్ద పేర్ల గురించి. ట్రాపికల్ మోడర్నిజం ఎక్కువగా 1940లు, 50లలో పశ్చిమాఫ్రికాలో మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ లాంటి బ్రిటిష్ ఆర్కిటెక్టుల పనితో పెరిగింది, ఎండ కోణం, గాలి దిక్కు లెక్కలతో. క్రిటికల్ రీజినలిజం అన్న మాట 1980లలో అలెగ్జాండర్ జోనిస్, లియాన్ లెఫెవ్ర్ వాడారు, వాస్తు చరిత్రకారుడు కెన్నెత్ ఫ్రాంప్టన్ 1983లో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఊరి రూపాన్ని పైపైన అతికించకుండా, అక్కడి వెలుతురు, గాలి, నేలను బట్టి ఆధునిక భవనం కట్టాలన్నది దాని సారం. తెరవలేని అద్దం, ఏసీ అన్ని ఊళ్లకూ ఒకటే అనడాన్ని ఫ్రాంప్టన్ తప్పుపట్టాడు. మీ ఆర్కిటెక్ట్ మీ పెంకుటిల్లు వద్దన్నది బహుశా అందుకే. పెంకుల రూపం కాదు, దాని చూరు నీడా, అటూ ఇటూ గాలీ మీకు కావాల్సినవి.

ఇబ్బందులూ ఉన్నాయి. ముప్పై నలభై స్థలంలో పక్కింటి గోడ ఐదడుగుల్లో ఉంటే సముద్రపు గాలి కింది అంతస్తుకు అందదు. పడకగదులు పైకి వేయండి. మే నెలలో కొన్ని రోజులు పడమటి వేడిగాలి బలంగా ఉండి సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది. అది తిరిగేదాకా పడమటి వైపు మూసే ఉంచాలి, కాబట్టి మూయలేని జాలీ మాత్రమే పెట్టకండి, లోపల తలుపు ఉండాలి. లూవర్ల గదిలో ఏసీ చల్లదనం నిలవదు. మేం ఒక్క గదిని గట్టిగా మూసుకునేలా కట్టి ఏసీ అక్కడే పెట్టాం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య వాన గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది. మొదటి ఏడాది మా తూర్పు లూవర్ల కింద పరుపు తడిసింది. పట్టీల వాలు బయటికి పెంచి, కింద రాతి గడప అరంగుళం బయటికి వాలుగా వేశాక నీళ్లు లోపలికి రావడం ఆగింది.