9:10కి ముళ్ల మధ్య కోణం 150 ఎందుకు కాదు?

ప్రశ్న: అన్నా, 9:10కి గడియారంల రెండు ముళ్ల మధ్య కోణం ఎంత? చిన్న ముల్లు 9 మీద, పెద్ద ముల్లు 2 మీద. మధ్యల అయిదు గడులు, ఒక్కో గడికి 30 డిగ్రీలంటే 150 రావాలె. కీల మాత్రం 145 ఉంది. కీ తప్పా?

జవాబు: కీ కరెక్టే తమ్మీ. పెద్ద ముల్లు సంగతి సరిగనే పట్టినవు, చిన్న ముల్లునే 9 దగ్గర ఆపేసినవు. అది 9 మీద ఉండేది సరిగ్గా తొమ్మిదింటికే. గంటకు ఒక గడి, అంటే 30 డిగ్రీలు నడుస్తది కాబట్టి నిమిషానికి అర డిగ్రీ. పది నిమిషాల్లో 5 డిగ్రీలు ముందుకు జరిగింది. నీకూ కీకీ ఉన్న తేడా అదే.

అట్లని 5 తీసెయ్యాలని బట్టీ పట్టకు. 4:10కి కూడా తీసేస్తే 55 వస్తది, అసలు జవాబు 65. 9:10కి చిన్న ముల్లు 12 మీదుగా పెద్ద ముల్లు ఉన్న దిక్కే పోతది, సందు తగ్గుతది. 4:10కి పెద్దది వెనక 2 దగ్గరుంటే చిన్నది 4 దాటి ముందుకు పోతది, సందు పెరుగుతది. కలపాలా తియ్యాలా అన్న ఈ తికమకే వద్దనుకుంటే రెండు ముళ్లనూ 12 నుంచే కొలువు.

9:10కి చిన్న ముల్లు 9 × 30 + 5 = 275. పెద్ద ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు, కాబట్టి 60. తేడా 215. ఇది 180 దాటింది, అంటే నువ్వు కొలిచింది అవతలి పక్క. 360 లోంచి తీస్తే 145. ఆప్షన్లలో 215 కూడా పెడతరు, జాగ్రత్త. రిఫ్లెక్స్ కోణం అని ప్రశ్నల రాస్తేనే అది జవాబు.

ఇదంతా ఒక్క లైన్ల రాస్తే |30H − 5.5M|, H అంటే గంటలు, M అంటే నిమిషాలు. పెద్దది 6 నడిస్తే చిన్నది అర నడుస్తది, ఆ తేడానే 5.5. దశాంశం గుణకారం బదులు నిమిషాలను 11తో గుణించి సగం చెయ్యి. 7:24కి 24 × 11 = 264, సగం 132; 210 లోంచి తీస్తే 78.

కాజీపేట స్టేషన్ బోర్డు మీద లెక్క 16:10 అని ఇస్తే ముందు 12 తీసి 4:10 చేసుకో. 12:20 లాంటి దాంట్ల H కు సున్నా పెట్టు, 110 వస్తది. మరిచి 12 పెట్టినా 250 వస్తది, 360 లోంచి తీస్తే మళ్లా 110నే.

నిమిషాలు బేసి సంఖ్య అయితే జవాబుల తప్పకుండా అర ఉండాలె. అందుకే 3:15కి సున్నా అని రాసినోళ్లకు మార్కు పోతది. పెద్ద ముల్లు 3 మీదికి వచ్చేసరికి చిన్నది 7.5 డిగ్రీలు ముందుంటది.