ఒకే గోడకు పగటి రంగు, రాత్రి రంగు

"మాకు పెళ్లయి పద్నాలుగు నెలలైంది. విజయనగరంలో సొంత ఫ్లాటు కొనుక్కున్నాం. హాలుకు పసుపు రంగు వేయాలని నాకు, బూడిద రంగు వేయాలని మా ఆయనకు. నన్ను అడగకుండానే ముదురు బూడిద సోఫా తెచ్చేశారు. పసుపు వేస్తే కల్యాణ మండపంలా ఉంటుందంటారు. సిరిమాను పండక్కి అత్తవారు వస్తున్నారు. పెయింటరు రోజూ ఫోన్ చేస్తున్నాడు. మేమిద్దరం ముభావంగా ఉంటున్నాం. ఎవరు తగ్గాలి?"
— ఒక సోదరి, విజయనగరం

అమ్మా, ఎవరు తగ్గాలో తేల్చే ముందు మీరిద్దరూ చూస్తున్నది ఒకే రంగేనా అన్నది తేల్చుకోవాలి. కొన్నేళ్ల కిందట శ్రీకాకుళం నుంచి నా దగ్గరకు వచ్చిన ఒక యువ జంట తగవు అచ్చం ఇలాంటిదే కనుక, వాళ్ల ఆనవాళ్లు మార్చి ఆ సంగతి చెబుతాను.

ఆ అబ్బాయి పైడిభీమవరంలో ఉద్యోగం చేస్తూ రాత్రి ఎనిమిది దాటాక ఇంటికి చేరేవాడు. ఆ అమ్మాయి మధ్యాహ్నమంతా హాల్లో కూర్చుని పిల్లలకు ట్యూషన్లు చెప్పేది. నా గదిలో ట్యూబులైటు కింద ఆమె షేడ్ కార్డు తెరిచి ముద్దబంతి పసుపు మీద వేలు పెడితే, "అదా, కామెర్లు వచ్చిన కన్నులా ఉంది" అన్నాడతను. నిజం చెప్పాలంటే, ఆ లైటులో నాకూ అలాగే కనిపించింది. కార్డు పట్టుకుని ముగ్గురం వరండాలోకి వెళ్లేసరికి సాయంత్రపు ఎండలో అదే చుక్క బంగారంలా వెలిగింది. అతను బాగుందనలేదు గాని, ఆ తర్వాత కామెర్ల మాట ఎత్తలేదు.

కారణం ఏమంటే, బల్బు పెట్టె మీద 6500 కెల్విన్ అని రాసి ఉండే తెల్లని ఎల్ఈడీ వెలుగులో నీలం పాలు ఎక్కువ కాబట్టి దాని కింద పసుపు రంగు కాస్త ఆకుపచ్చకు తిరిగి నీరసంగా కనిపిస్తుంది, బూడిద రంగు మాత్రం శుభ్రంగా ఉంటుంది. వాళ్ల హాల్లోకి మధ్యాహ్నం నేరుగా ఎండ రాదు, సాయంత్రం పడమటి బాల్కనీ నుంచి వస్తుంది. ఎండలేని వేళ అదే బూడిద రంగు సిమెంటు పూత పూసి వదిలేసిన గోడలా ఉంటుంది. ఆమె పగటి ఇంటిని, అతను రాత్రి ఇంటిని మనసులో పెట్టుకుని వాదించుకున్నారు.

నేను చెప్పినట్టు వాళ్లు రంగు కొద్దిగా కొని వేసి చూశారు గాని, పాత లేతాకుపచ్చ గోడ మీదే వేయడంతో చుట్టూ ఉన్న ఆకుపచ్చ వల్ల రెండు రంగులూ వేరుగా కనిపించి, తగవు మరో వారం సాగింది. రెండోసారి, రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న ప్లైవుడ్ ముక్కలకు తెల్ల ప్రైమరు వేసి, అంచుల్లో నాలుగు వేళ్ల వెడల్పు తెలుపు వదిలి, మధ్యలో రెండు కోట్లు వేశారు. తడి మీద ఎమల్షన్ లేతగా కనిపించి ఆరాక ముదురుతుంది కాబట్టి ఒక రోజు ఆగి, నేల మీద పరచకుండా గోడకు ఆనించి నిలబెట్టి, ఆదివారం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, దీపాలు పెట్టాక ఇద్దరూ కలిసి చూశారు. మధ్యాహ్నం మూడింటికి బూడిద రంగును వద్దన్నది అతనే. రాత్రి ముద్దబంతిని పక్కన పెట్టింది ఆమె. కార్డులో అదే పసుపు రెండు మెట్లు లేతగా ఉన్నదాన్ని ఒక్క గోడకే వేసి, మిగిలిన మూడింటికి పొందూరు ఖద్దరు లాంటి పాలమీగడ తెలుపు వేశారు. నాలుగు గోడలకూ పసుపు వేస్తే ఒక గోడ వెలుగు మరో గోడ మీద పడి రంగు ఇంకా గాఢమవుతుంది. మీ వారి కల్యాణ మండపం భయంలో ఆ మేరకు నిజముంది. బల్బులు కూడా నీలం పాలు తక్కువగా ఉండే 4000 కెల్విన్‌వి మార్చారు. పడకగది కర్టెన్ల విషయంలో మాత్రం వాళ్లకు ఇంకా ఒప్పందం కుదరలేదట.

మీ ఇంట్లో సోఫా వచ్చేసింది కాబట్టి దాన్ని మారని వస్తువుగానే లెక్కపెట్టండి. గుడ్డ దొరికే రంగులు కొన్నే ఉంటాయి. గోడ రంగును దుకాణంలో మిషను మీద ఎంత తేడాతోనైనా కలిపిస్తారు. అందుకే మీరూ వాళ్లలాగే ప్లైవుడ్ చెక్కలకు రంగు వేసి నిలబెట్టి, సోఫా గుడ్డ ముక్కను వాటి పక్కన పెట్టి చూడాలి. ముదురు బూడిద పక్కన లేత పసుపు చక్కగా నిలుస్తుందని నా అభిప్రాయం, అయినా మీ హాలు వెలుగును నేను చూడలేదు.

అడగకుండా సోఫా తెచ్చినందుకు మీకు కలిగిన బాధ వేరే లెక్క. దాన్ని షేడ్ కార్డు చేతిలో ఉండగా తేకండి, ఎందుకంటే అప్పుడు మీరు పసుపు అన్న ప్రతిసారీ ఆయనకు సోఫా అనే వినిపిస్తుంది. విడిగా ఒక పూట కూర్చుని, "ధర కాదు, రంగు కాదు, కొనేటప్పుడు నన్ను పిలవలేదు" అని అంతే చెప్పండి. చెక్కలు నిలబెట్టినా మీ వారు చూడనే చూడనంటే మాత్రం ఇది రంగుల తగవు కాదు; అప్పుడు ఇద్దరూ కలిసి నా దగ్గరకు రండి.

పెయింటరుకు వచ్చే ఆదివారం దాకా ఆగమని చెప్పండి. ఈలోగా పుట్టీ, ప్రైమరు పని కానివ్వమనండి. ఏ రంగు వేసినా ఆ పని తప్పదు.